ఆ 20 లక్షలు ఎక్కడున్నాయి? సంచిత తరుగుదల ఖాతాలో రెండేళ్ళు దాక్కున్న ఒక తప్పు

అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ అది. ఏడాది చివర లెక్కలు ముగించే ముందు ఒకసారి చూడమని నన్ను పిలిచారు. వెళ్ళేసరికి ఓనర్ గారు ట్రయల్ బ్యాలెన్స్ ప్రింట్ తీసి, అందులో ఒక లైన్ కింద పెన్నుతో రెండుసార్లు గీత గీసి కూర్చున్నారు. క్రెడిట్ వైపు ఉంది ఆ లైన్: సంచిత తరుగుదల, మెషినరీ, 20,00,000.

"సార్, మెషీన్ల కోసం ఏటా పక్కన పెడుతున్నామని మా అకౌంటెంట్ చెబుతూనే ఉన్నాడు. ఇదిగో, ఇరవై లక్షలయింది. కొత్త ప్రింటింగ్ మెషీన్ కొందామనుకుంటున్నా. ఈ డబ్బు ఏ బ్యాంకులో ఉంది?"

బ్యాంకు బ్యాలెన్స్ అదే పేజీలో నాలుగు లైన్ల పైన ఉంది, రెండు లక్షల చిల్లర. అకౌంటెంట్ నావైపు చూశాడు, మీరే చెప్పండి అన్నట్టు.

ఈ ప్రశ్న నేను ఇంతకుముందు కూడా విన్నాను, అడిగినవాళ్ళ తప్పు పెద్దగా లేదు. పాత పుస్తకాల్లో ఈ ఖాతా పేరే 'తరుగుదల ఏర్పాటు'. ఏర్పాటు అన్నాక ఎవరికైనా ఎక్కడో బీరువాలో దాచినట్టే వినిపిస్తుంది. నిజానికి డబ్బు మెషీన్ కొన్న రోజే బయటికి పోయింది. ఆ తర్వాత ఏటా రాసే తరుగుదల ఎంట్రీలో నగదు ఎక్కడా లేదు, బ్యాంకు ఖాతాను అది ముట్టుకోనే ముట్టుకోదు. పోయిన డబ్బులో ఈ ఏడాది వంతుకు ఎంత ఖర్చు అంటగట్టాలి అన్నదే ఆ ఎంట్రీ చెప్పేది. అలా ఇప్పటిదాకా అంటగట్టిన మొత్తమే సంచిత తరుగుదల. అది దాచిన సొమ్ము లెక్క కాదు, వాడేసిన ఖరీదు లెక్క.

మరి క్రెడిట్ వైపు ఎందుకుంది అని ఆయన వెంటనే అడిగారు, మంచి ప్రశ్నే. తరుగుదల ఖర్చు కాబట్టి డెబిట్, ఆ డెబిట్‌కి ఎదురుగా ఎక్కడో ఒక క్రెడిట్ పడాలి. నేరుగా మెషినరీ ఖాతాలోనే క్రెడిట్ చేస్తే ఆస్తి విలువ ఏటా తగ్గుతూ వస్తుంది, లెక్క కూడా కుదురుతుంది. కొందరు ఇప్పటికీ అలాగే రాస్తారు. చిక్కేమిటంటే నాలుగైదేళ్ళు పోయాక ఆ ఖాతా చూస్తే అందులో ఉన్న అంకె ఏమిటో అర్థం కాదు. 4,00,000 అని ఉందనుకోండి, అది నాలుగు లక్షలు పెట్టి నిన్న కొన్న మెషీనా, పది లక్షలు పెట్టి ఆరేళ్ళ కింద కొన్న మెషీనా? రెండింటికీ ఒకే అంకె. అందుకే కొన్న ఖరీదును ఒక ఖాతాలో కదపకుండా ఉంచి, తరిగినదాన్ని పక్కనే ఇంకో ఖాతాలో పోగు చేస్తాం. ఆ రెండో ఖాతా ఆస్తుల గుంపులోనే కూర్చుంటుంది, బ్యాలెన్స్ మాత్రం ఆస్తులకు ఎదురుగా క్రెడిట్‌లో ఉంటుంది. దీన్నే కాంట్రా ఖాతా అంటాం. (క్యాష్ బుక్‌లో నగదు బ్యాంకులో వేసినప్పుడు రాసే కాంట్రా ఎంట్రీకి దీనితో సంబంధం లేదు. పేరు ఒకటే కావడంతో కొత్తగా చేరినవాళ్ళు రెండూ కలిపేసుకుంటారు.)

క్రెడిట్ బ్యాలెన్స్ అనగానే అప్పుల వైపు పెట్టేసినవాళ్ళనూ చూశాను. అలా పెట్టినా రెండు వైపులా మొత్తాలు టాలీ అవుతాయి, కాకపోతే రెండూ అంతే మేరకు ఉబ్బుతాయి, లేని అప్పు ఒకటి పుట్టుకొస్తుంది. సంచిత తరుగుదల ఎవరికీ బాకీ కాదు. బ్యాలెన్స్ షీట్‌లో దాని చోటు ఆస్తి కిందనే, తీసివేతగా.

ఇదంతా ఓనర్ గారికి మాటల్లో చెబితే తలకెక్కదని తెల్ల కాగితం తీసుకుని బ్యాలెన్స్ షీట్‌లో మెషినరీ ఎలా కనబడుతుందో రాయబోయాను. ట్రయల్ బ్యాలెన్స్ చూసి అంకెలు ఎక్కించాను:

మెషినరీ, కొన్న ఖరీదు: 28,80,000
తీసివేయి, సంచిత తరుగుదల: 20,00,000
పుస్తక విలువ: 8,80,000

రాస్తుండగానే పై అంకె దగ్గర పెన్ను ఆగింది. ఇరవై ఎనిమిది లక్షల ఎనభై వేలు. ఈ యూనిట్‌లో ఇప్పటిదాకా కొన్నవి రెండే పెద్ద మెషీన్లు. మొదటి ఏడాది మొదట్లో కటింగ్ మెషీన్ 10,00,000. మూడో ఏడాది మొదట్లో ప్రింటింగ్ మెషీన్ 22,00,000. కటింగ్ మెషీన్‌ని ఆరో ఏడాది ఆఖరి రోజున అమ్మేశారని, ఆ పని అప్పటినుంచి బయట చేయించుకుంటున్నారని మాటల్లో తెలిసింది. అయితే ఖరీదు ఖాతాలో 32 లక్షలు ఉండాలి, లేదా అమ్మినది పోను 22 లక్షలు ఉండాలి. మధ్యలో 28,80,000 ఎక్కడినుంచి వచ్చింది? ఏ బిల్లులు కలిపినా ఆ మొత్తం రాదు.

లెడ్జర్‌లో ఆరో ఏడాది చివరి పేజీ తీయించాను. ఒకే ఒక్క ఎంట్రీ:

బ్యాంకు ఖాతా డెబిట్ 3,20,000
మెషినరీ ఖాతా క్రెడిట్ 3,20,000

"డబ్బు వచ్చింది, మెషీన్ పోయింది. బ్యాంకు డెబిట్, మెషినరీ క్రెడిట్. ఇందులో తప్పేముంది సార్?" అన్నాడు అకౌంటెంట్. ఆ మాట కొట్టిపారేయడానికి లేదు. వినడానికి సబబుగానే ఉంది, ట్రయల్ బ్యాలెన్స్ కూడా టాలీ అవుతుంది. ఈ తప్పు రెండేళ్ళు బతికిందంటే కారణం అదే.

తప్పెక్కడంటే, కటింగ్ మెషీన్ పుస్తకాల్లో ఒక్కచోట లేదు, రెండు చోట్ల ఉంది. ఖరీదు ఖాతాలో 10,00,000 డెబిట్‌గా, సంచిత తరుగుదల ఖాతాలో దాని పేరిట పోగైన క్రెడిట్‌గా. దాని అంచనా ఆయుష్షు 9 ఏళ్ళు, చివర్లో తుక్కు కింద 1,00,000 వస్తుందని లెక్క వేసుకున్నారు, కాబట్టి ఏటా సమానంగా 1,00,000 తరుగుదల. ఆరేళ్ళకు 6,00,000. అమ్మిన రోజు దాని పుస్తక విలువ 4,00,000. మెషీన్ షెడ్డు దాటి వెళ్ళిపోతే దానికి సంబంధించిన రెండు అంకెలూ పుస్తకాల్లోంచి పూర్తిగా వెళ్ళిపోవాలి. ఖరీదు ఖాతాలోంచి వెళ్ళాల్సింది అమ్మకంలో వచ్చిన మొత్తం కాదు, మొదట కొన్న 10 లక్షలు. అసలు ఎంట్రీ ఇలా ఉండాల్సింది:

బ్యాంకు ఖాతా డెబిట్ 3,20,000
సంచిత తరుగుదల ఖాతా డెబిట్ 6,00,000
మెషీన్ అమ్మకంపై నష్టం డెబిట్ 80,000
మెషినరీ ఖాతా క్రెడిట్ 10,00,000

నాలుగు లక్షల పుస్తక విలువ ఉన్న మెషీన్ 3,20,000కి పోయింది కాబట్టి 80,000 నష్టం. ఓనర్ గారు ఇక్కడ కొంచెం నొచ్చుకున్నారు, "అప్పట్లో మంచి రేటుకే అమ్మాను" అన్నారు. మంచి రేటే కావచ్చు. పుస్తక విలువ అంటే మార్కెట్లో పలికే ధర కాదు, కొన్న ఖరీదులో ఇంకా ఖర్చు రాయకుండా మిగిలిన భాగం, అంతే. ఈ 80,000 నష్టానికి బేరం సరిగా ఆడలేదని అర్థం కాదు, గడిచిన ఆరేళ్ళలో తరుగుదల ఆ మేరకు తక్కువ పడిందని మాత్రమే.

ఇప్పుడు ఆ రోజు బ్యాలెన్స్ షీట్ ఎలా వచ్చిందో చూడండి. ప్రింటింగ్ మెషీన్ ఆయుష్షు 10 ఏళ్ళు, తుక్కు విలువ 2,00,000, ఏటా 2,00,000 తరుగుదల. మూడో ఏడాది నుంచి ఆరో ఏడాది దాకా నాలుగేళ్ళకు 8,00,000. సరిగ్గా రాసి ఉంటే ఖరీదు 22,00,000, సంచిత తరుగుదల 8,00,000, పుస్తక విలువ 14,00,000 కనిపించేది. వీళ్ళ పుస్తకాల్లో ఖరీదు 28,80,000, సంచిత తరుగుదల 14,00,000, పుస్తక విలువ 14,80,000. పై రెండు అంకెల్లోనూ తేడా ఆరు లక్షలకు తక్కువ లేదు, ఒకటి 6,80,000 ఎక్కువ, ఇంకొకటి 6,00,000 ఎక్కువ. కింద తేలిన విలువలో మాత్రం తేడా ఎనభై వేలే, అంటే రాయకుండా వదిలేసిన నష్టం ఎంతో సరిగ్గా అంతే. బ్యాలెన్స్ షీట్ చూసేవాళ్ళలో చాలామంది కళ్ళు నేరుగా కింది అంకె మీద వాలతాయి. ఈ కేసులో అదే కొంప ముంచింది.

అక్కడితో ఆగినా బాగుండేది. తరుగుదల లెక్క కట్టే షీట్‌లో కటింగ్ మెషీన్ వరుసను ఎవరూ మూసేయలేదు. అమ్మకం ఎంట్రీ వేసిన మనిషి లెడ్జర్‌లో వేశాడు, షీట్ వేరే ఫైలు. దాంతో ఏడో ఏడాది కూడా అది తన పని తాను చేసుకుపోతూ, లేని మెషీన్ మీద లక్ష తరుగుదల కట్టింది. ప్రింటింగ్ మెషీన్‌వి రెండు లక్షలు, దీనిది ఒక లక్ష, మొత్తం మూడు లక్షలు. ఏడో ఏడాది చివర పుస్తకాల్లో 28,80,000 లోంచి 17,00,000 పోను 11,80,000. సరైన విలువ 22,00,000 లోంచి 10,00,000 పోను 12,00,000.

తేడా ఇరవై వేలు! నాకు ఈ కేసులో అన్నిటికన్నా ముచ్చటేసింది ఇక్కడే. రాయని నష్టం వల్ల విలువ 80,000 ఎక్కువ కనబడుతుంటే, దొంగ తరుగుదల దాన్ని లక్ష తగ్గించింది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, పుస్తక విలువ దాదాపు సరైన చోటికే వచ్చి కూర్చుంది. ఆ ఏడాది ఎవరైనా మెషీన్ పరిస్థితి చూసి సుమారుగా పోల్చుకున్నా, పన్నెండు లక్షల దరిదాపుల్లో ఉంది కదా, బాగానే ఉంది అనుకుని సంతకం పెట్టేసేవారు. ఎనిమిదో ఏడాది ఇంకో లక్ష పడింది, సంచిత తరుగుదల 20,00,000కి చేరింది, పుస్తక విలువ 8,80,000 అయింది. నిజంగా ఉండాల్సింది 10,00,000. ఈసారి 1,20,000 తక్కువ. మొదట ఎక్కువ చూపిన తప్పు రెండేళ్ళలో దిశ మార్చుకుని తక్కువ చూపడం మొదలుపెట్టింది.

ఇలాంటిదాన్ని సరిదిద్దేటప్పుడు నేను తేడా మొత్తాన్ని ఒక్క ఎంట్రీతో 'సర్దుబాటు' అని రాసి చేతులు దులుపుకోను. ముందు ఏ ముక్క ఏ ఏడాదిదో విడదీస్తాను. 80,000 నష్టం ఆరో ఏడాదిది. అదనంగా పడ్డ మొదటి లక్ష ఏడో ఏడాదిది. ఈ రెండు సంవత్సరాల లెక్కలూ ముగిసిపోయాయి, వాటి లాభనష్టాలు నిల్వ లాభాల్లో కలిసిపోయాయి. ఒకటి లాభాన్ని తగ్గించేది, ఇంకొకటి పెంచేది, నికరంగా నిల్వ లాభాలు 20,000 పెరగాలి. రెండో లక్ష మాత్రం ఈ ఏడాదిదే, పుస్తకాలు ఇంకా మూయలేదు కాబట్టి ఈ ఏటి తరుగుదల ఖర్చులోంచి తీసేస్తే సరిపోతుంది. ఎంట్రీ ఇలా వచ్చింది:

సంచిత తరుగుదల ఖాతా డెబిట్ 8,00,000
మెషినరీ ఖాతా క్రెడిట్ 6,80,000
నిల్వ లాభాలు (ఏడాది మొదటి నిల్వ) క్రెడిట్ 20,000
తరుగుదల ఖర్చు, ఈ ఏడాది, క్రెడిట్ 1,00,000

డెబిట్‌లో ఉన్న ఎనిమిది లక్షల్లో ఆరు, అమ్మిన రోజే తీసేయాల్సినవి. రెండు, ఆ తర్వాత ఊరికే పడ్డవి. మెషినరీలో 6,80,000 ఎందుకంటే తీసేయాల్సిన పది లక్షల్లో 3,20,000 అప్పుడే తీసేశారు కాబట్టి. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాలు పాటించే సంస్థ అయి, తప్పు పెద్దదైతే ఐఏఎస్ 8 ప్రకారం పక్కన చూపే నిరుటి అంకెలను కూడా దిద్ది చూపాలి. ఇక్కడ నికర తేడా ఇరవై వేలే కదా, వదిలేద్దాం అన్నాడు అకౌంటెంట్. నేను ఒప్పుకోలేదు. నికర విలువలో తేడా చిన్నదే, కానీ ఖరీదు 28.8 లక్షలని, తరుగుదల 17 లక్షలని విడివిడిగా అచ్చువేసి చూపించాం కదా, ఆ రెండు అంకెలూ చిన్న తప్పులు కావు. నిరుటి వరుసలో కూడా 22, 10, 12 అని మార్చి, ఎందుకు మార్చామో కింద రెండు వాక్యాలు రాయించాను.

ఆ విడి అంకెల్ని ఎవరు చూస్తారు అంటారేమో. ఓనర్ గారు కొత్త మెషీన్‌కి అప్పు కోసం వెళ్ళబోతున్నారు. అప్పు ఇచ్చేవాళ్ళు సంచిత తరుగుదలని ఖరీదుతో భాగించి చూడటం మామూలే, మెషీన్లు ఎంత పాతబడ్డాయో సుమారుగా తెలుస్తుందని. తప్పు అంకెలతో 20 బై 28.8, అంటే దాదాపు 69 శాతం. సరైన అంకెలతో 12 బై 22, దాదాపు 55 శాతం. ఉన్నది ఒకే ప్రింటింగ్ మెషీన్, దాని పదేళ్ళలో ఆరేళ్ళే గడిచాయి. తప్పు అంకెలు చూస్తే యూనిట్ మొత్తం తుక్కుకి దగ్గరపడ్డట్టు కనిపిస్తుంది. పైగా రేపు తనిఖీకి వచ్చి ఖరీదుకు తగ్గ మెషీన్లు ఏవీ చూపించండి అంటే, షెడ్డులో లేని మెషీన్‌కి ఏం సమాధానం చెబుతారు? (ఈ శాతానికీ పరిమితి ఉంది, తుక్కు విలువ, ఆయుష్షు అన్నీ అంచనాలే కాబట్టి, అవి మారితే ఇదీ మారుతుంది. పూర్తిగా తరిగిపోయినా ఇంకా వాడుతున్న మెషీన్లు పుస్తకాల్లో ఖరీదు, తరుగుదల రెండింటితోనూ అలాగే ఉంటాయి, అవి కూడా ఈ శాతాన్ని పైకి లాగుతాయి. అలాంటివాటిని పుస్తక విలువ సున్నా అయిందని ముందే తీసేయకూడదు, వదిలించుకున్నప్పుడే తీయాలి.)

ఈ తప్పును ముందే పట్టుకోవడం ఎలా అని అకౌంటెంట్ అడిగాడు. నేను అలవాటుగా చూసేవి ఎక్కువేమీ లేవు. ఖరీదు ఖాతాలో క్రెడిట్ ఎక్కడ కనిపించినా, అది ఆస్తుల రిజిస్టర్‌లో ఉన్న ఏదో ఒక మెషీన్ పూర్తి ఖరీదుకు సరిపోతుందా అని చూస్తాను. సరిపోకపోతే తొంభై శాతం అమ్మిన డబ్బే అక్కడ పడి ఉంటుంది. రెండోది సంచిత తరుగుదల కదలిక. మొదటి నిల్వకు ఈ ఏటి తరుగుదల కలిపి, అందులోంచి చివరి నిల్వ తీసేస్తే మిగిలేది, అమ్మిన ఆస్తుల పేరిట తీసేసిన తరుగుదల. వీళ్ళ ఆరో ఏడాదిలో మొదటి నిల్వ 11,00,000, ఏడాది తరుగుదల 3,00,000, చివరి నిల్వ 14,00,000, మిగిలింది సున్నా. మెషీన్ అమ్మిన సంవత్సరంలో అది సున్నా వచ్చిందంటే, కొన్న ఏడాదే అమ్మితే తప్ప, దాదాపు ఖాయంగా ఎవరో మరిచిపోయారు. ఐఏఎస్ 16 ఖరీదుకూ తరుగుదలకూ మొదటి నిల్వ నుంచి చివరి నిల్వ దాకా కదలికల పట్టిక అడిగేది ఊరికే కాదు, ఆ పట్టిక వేస్తే ఇలాంటి సున్నాలు కళ్ళముందుకు వస్తాయి.

ఇక ఆస్తుల రిజిస్టర్ సంగతి. కటింగ్ మెషీన్ వరుసలో అమ్మిన తేదీ, వచ్చిన మొత్తం, నష్టం రాయించి మూయించాను, వరుస తుడిచేయించలేదు. రిజిస్టర్ మొత్తాలు లెడ్జర్ మొత్తాలతో పోల్చే ఒక గడి ఆ షీట్ అడుగునే పెట్టాం, ఖరీదుకు ఒకటి, సంచిత తరుగుదలకు ఒకటి, విడివిడిగా. పుస్తక విలువ ఒక్కదాన్నే పోల్చే గడి వద్దన్నాను, కారణం పైన చెప్పిందే, ఏడో ఏడాది అది ఇరవై వేల తేడాతో అందర్నీ నిద్రపుచ్చేది.

సాయంత్రానికి కొత్త ప్రింట్ వచ్చింది. మెషినరీ 22,00,000, తీసివేయి సంచిత తరుగుదల 12,00,000, పుస్తక విలువ 10,00,000. అందులో 2,00,000 తుక్కు విలువ పోను మిగిలిన ఎనిమిది లక్షలు రాబోయే నాలుగేళ్ళలో ఏడాదికి రెండు చొప్పున ఖర్చవుతాయని ఓనర్ గారికి చూపించాను. ఆయన కాసేపు మధ్య అంకె వైపే చూశారు.

"పొద్దున ఇరవై అన్నారు, ఇప్పుడు పన్నెండే. ఇదీ డబ్బు కాదు కదా?"

"కాదండీ."

"అయితే అప్పుకే వెళ్ళాలి" అని, అప్లికేషన్‌కి జతచేయడానికి ఆ కాగితం ఇంకో రెండు కాపీలు తీయమన్నారు.